పన్ను రసీదు ఫొటోలో ‘పెనాల్టీ’ అంటే ఏ అంకె?

కొత్తకాలమ్:
మా దగ్గర పాత ఇంటి పన్ను, నీటి పన్ను రసీదుల ఫొటోలు గుట్టగా ఉన్నాయి. ఒక్కోదాని నుంచి పీరియడ్, అసెస్‌మెంట్ నంబరు, రిబేటు, పెనాల్టీ తీసి షీట్‌లో పెట్టాలి. ఒకే రసీదు ముగ్గురికి ఇస్తే పెనాల్టీ కాలమ్‌లో ఒకరు 213, ఒకరు 1500, ఇంకొకరు 1713 వేశారు. ఏది సరి? రిబేటు అంకె చెరిగిపోతే లెక్కగట్టి నింపొచ్చా?

రెజెక్స్‌పిచ్చి:
ఇంత ఆలోచన అక్కర్లేదండీ. పది అంకెలు వరసగా కనిపిస్తే అదే అసెస్‌మెంట్ నంబరు. కట్టిన తేదీని బట్టి ఆర్థిక సంవత్సరం తెలిసిపోతుంది. ‘పెనాల్టీ’ అన్న మాట పక్కనున్న అంకె పెనాల్టీ. రిబేటు ఎలాగూ 5 శాతమే కాబట్టి చెరిగితే లెక్క కట్టేయండి. నేను ఇలాగే స్క్రిప్ట్ రాశాను, చాలావరకు సరిగ్గానే వచ్చింది.

మాజీ బిల్ కలెక్టర్:
తమ్ముడూ, 5 శాతం మాట నిజమే. ఏప్రిల్ 30 లోపు ఆ ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే ఇచ్చేది అదే. కానీ అది ఆ ఏడాది డిమాండ్ మీదే గానీ పాత బకాయి మీద కాదు. రసీదులో బకాయి కూడా కలిసి ఉంటే మొత్తం మీద 5 శాతం కట్టిన మనిషి తప్పులో పడతాడు.

ఇక పది అంకెల సంగతి. రసీదు మీద యజమాని మొబైల్ నంబరు కూడా ఉంటుంది, అదీ పది అంకెలే. కొన్ని రసీదుల్లో పాత అసెస్‌మెంట్ నంబరు వేరే వరసలో ఉంటుంది. కాబట్టి అంకెల సంఖ్యను నమ్మకండి, పక్కన అచ్చయిన పేరును పట్టుకోండి. ‘పాత’ అన్న మాట ఉందా లేదా కూడా చూడాలి.

కొత్తకాలమ్ గారూ, ఆ ముగ్గురిలో ఎవరూ కూడిక తప్పలేదు. ఆ రసీదు వరసలు ఇక్కడ పెట్టండి, చెప్తాను.

కొత్తకాలమ్:
ఆంధ్రలోని ఒక మున్సిపాలిటీది. పేర్లు, నంబర్లు తీసేశాను. కట్టిన తేదీ 18-04-2024. పీరియడ్ ‘2023-24-2 నుంచి 2024-25-2’ అని ఉంది. బకాయి 2660, ప్రస్తుత డిమాండ్ 5320, వడ్డీ 213. రిబేటు మీద ముద్ర సిరా పడింది: మొదటి అంకె 2, చివరిది 6, మధ్యది 1 లాగానూ ఉంది, 6 లాగానూ ఉంది. మొత్తం 7977. కింద వివరాల పట్టీలో ఒక అర్ధ సంవత్సరానికి పన్ను 2000, గ్రంథాలయ సెస్సు 160, యూఏసీ పెనాల్టీ 500.

మాజీ బిల్ కలెక్టర్:
ఇప్పుడు విషయం తేలింది. యూఏసీ పెనాల్టీ అంటే అనుమతి లేకుండానో, ప్లాన్ తప్పించో కట్టినందుకు వేసేది. ఉల్లంఘనను బట్టి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా ఉంటుంది. ఇక్కడ 2000 మీద 500, అంటే 25 శాతం. ఇది ఆలస్యానికి శిక్ష కాదు. టైముకి కట్టినవాడికీ ప్రతి అర్ధ సంవత్సరం డిమాండ్‌లో కలిసే వస్తుంది. ఆ 2660లో అది ముందే ఉంది: 2000, 160, 500. మూడు అర్ధ సంవత్సరాలకి 1500.

ఆలస్యానికి పడింది 213 మాత్రమే. నెలకు 2 శాతం చొప్పున బకాయి మీద వేసేది ఇదే. కొన్ని రసీదుల్లో దీన్ని ‘వడ్డీ’ అంటారు, కొన్నింట్లో ‘పెనాల్టీ’ అనే అచ్చు వేస్తారు. మీ వాళ్లు తికమకపడింది అందుకే. రెండూ కలిపి 1713 అని ఒక గడిలో వేస్తే, రేపు ఆ షీట్ చూసినవారు ఈ ఇంటాయన పన్ను ఎగ్గొడుతున్నాడనుకుంటారు. నా కళ్లముందు ఇలా ఒక పెద్దాయన పేరు ఎగవేతదారుల జాబితాలోకి ఎక్కింది. ఆయన ఒక్క గడువు కూడా దాటలేదు.

రెజెక్స్‌పిచ్చి:
యూఏసీ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ రిబేటు మాత్రం 266 కదా! ప్రస్తుత డిమాండ్ 5320 మీద 5 శాతం సరిగ్గా 266. చివరి అంకె కూడా కలిసింది.

లెక్కలగది:
216 కూడా కలుస్తుందండీ. ఏడాదికి పన్ను 4000, సెస్సు 320, కలిపి 4320. యూఏసీ వదిలేసి దీనిమీద 5 శాతం కడితే 216. అంటే రూలుతో నింపబోతే రెండు జవాబులూ నమ్మబుద్ధి అవుతాయి. తేల్చేది రసీదులోని మొత్తమే.

```
2660 + 5320 + 213 - 216 = 7977
2660 + 5320 + 213 - 266 = 7927
```

మొత్తం 7977 కాబట్టి 216. అక్షరాల్లో రాసిన మొత్తం కూడా ఒకసారి చూడండి, అంకె చెరిగినా అది చాలాసార్లు మిగిలి ఉంటుంది. ఈ కూడిక కుదరని ప్రతి ఫొటోనూ పక్కన పెట్టి మనిషి కంటితో చూడాలి. తెలియని అంకె ఒక్కటే ఉన్నప్పుడు ఈ దారి పనిచేస్తుంది. వడ్డీ, రిబేటు రెండూ చెరిగితే పనిచేయదు, ఖాళీగా వదిలేయాల్సిందే.

పీరియడ్ కూడా గమనించండి. చివరి 2 నెల కాదు, రెండో అర్ధ సంవత్సరం. అంటే 2023 అక్టోబరు 1 నుంచి 2025 మార్చి 31 దాకా, మూడు అర్ధ సంవత్సరాలు. కట్టిన తేదీని బట్టి 2024-25 అని వేస్తే బకాయి ఉన్న ఆరు నెలలు షీట్‌లోంచి మాయమైపోతాయి.

ఫ్లాట్202:
నాదీ ఇదే బాధ. హైదరాబాద్‌లో నల్లా బిల్లు రసీదు, పెనాల్టీ వేశారు. తీయించుకోవడం ఎలా? అసలు నా రసీదులో అసెస్‌మెంట్ నంబరే కనపడటం లేదు.

మాజీ బిల్ కలెక్టర్:
అమ్మా, ఇక్కడి మాట ఫొటోలోంచి అంకె తీయడం గురించి. వేసినదాన్ని రద్దు చేయించాలంటే ఆఫీసులోనే అడగాలి. కానీ మీరన్నది వీళ్లకి పనికొస్తుంది. జలమండలి బిల్లులో ఉండేది క్యాన్ నంబరు. జీహెచ్‌ఎంసీ ఇంటి పన్నులో పీటిన్. వీటిని అసెస్‌మెంట్ గడిలో వేసినా, అది ఏ రకం నంబరో పక్కన రాసుకోవాలి.

లెక్కలగది:
నేనైతే ఇలా దాస్తాను. నంబరు కోట్స్‌లో ఉంచండి, షీట్‌లో ఆ కాలమ్‌నీ టెక్స్ట్‌గా పెట్టండి, లేకపోతే మొదట ఉన్న సున్నాను ఎక్సెల్ తినేస్తుంది.

```
{
  "id_type": "assessment",
  "id_no": "10XXXXXX47",
  "period_from": "2023-10-01",
  "period_to": "2025-03-31",
  "rebate": 216,
  "late_interest": 213,
  "uac_penalty": 1500,
  "interest_waiver": null,
  "total": 7977
}
```

వడ్డీ మాఫీకి వేరే గడి ఎందుకంటే, ప్రభుత్వం బకాయి వడ్డీ తగ్గించినప్పుడు ఆ రసీదుల్లోనూ తగ్గింపు వరస ఒకటి కనిపిస్తుంది. అది ముందుగా కట్టినందుకిచ్చిన రిబేటు కాదు, బకాయిపడినవారికిచ్చినది. రెండూ ఒకే గడిలో పడితే అర్థం తలకిందులవుతుంది.

రెజెక్స్‌పిచ్చి:
రసీదులో వరస లేనిచోట `null` ఎందుకండీ, 0 వేస్తే కూడిక సాఫీగా నడుస్తుంది కదా?

లెక్కలగది:
రసీదులో 0 అని అచ్చయి ఉంటే 0 వేయండి. వరసే లేకపోతే `null`. వడ్డీ పడలేదన్నదీ, వడ్డీ సంగతి ఈ కాగితం చెప్పలేదన్నదీ ఒకటి కాదు.

మాజీ బిల్ కలెక్టర్:
ఇందులో నాది వేరే మాట. ఇంటి పన్ను రసీదులో వరస లేకపోయినా కూడిక కుదిరిందంటే వడ్డీ పడలేదనే. అక్కడ 0 వేయడానికి నేను జంకను.

కొత్తకాలమ్:
యూఏసీ వేరు గడి, వడ్డీ వేరు గడి చేసేశాను. కూడిక పెట్టి మళ్లీ నడిపిస్తే కుదరని రసీదులు బోలెడు బయటపడ్డాయి. అందులో ఎక్కువ, మడత మీద ఉన్న అంకెలే. 0 సంగతి మా వాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. ప్రస్తుతానికి `null`తోనే ఉంచాను.