కేటలాగ్‌లో 2,2 కిలోవాట్లు: కామా ఉంచాలా, తీసేయాలా?

అనంతపురం నుంచి, అనువాదకురాలు: ఇక్కడ జరిగే ఎగ్జిబిషన్ కోసం వేరుశనగ బుడ్డలు ఒలిచే మిషన్ కేటలాగ్ తెలుగు చేస్తున్నా. మిషన్ ఇటలీది. ఇంగ్లీషు పేజీల్లో కూడా పట్టికలు వాళ్ల పద్ధతిలోనే వదిలేశారు. మోటారు 2,2 కిలోవాట్లు, వేగం నిమిషానికి 1.440 చుట్లు, రేకు మందం 1,5 మి.మీ. అని ఉంది. ఎట్లుంటే అట్ల దించేయాలా? హాపర్, షాఫ్ట్‌లకు తెలుగు మాటలు వెతకాలా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు, కడప: యూరప్‌లో చాలాచోట్ల కామా అంటే మన చుక్క, చుక్క అంటే మన కామా అమ్మా. ఫైలంతా ఒకేసారి తారుమారు చేసేయండి, పని అయిపోతుంది.

మోటారు వైండింగ్ షాపు, గుత్తి: మాస్టారూ, ఒకేసారి మాత్రం వద్దు. పార్ట్ నంబర్లు 04.125 అని ఉంటాయి, వాటిలో చుక్క మారిస్తే రేపు రైతు ఆర్డర్ పెట్టినప్పుడు ఆ స్పేర్ దొరకదు. అక్కా, ఒక్కో వరుసా చూసుకుంటూ పోండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోల్స్ మోటారు ఖాళీగా తిరిగినా 1500 దాటదు, లోడు మీద 1440 దగ్గర ఉంటుంది, కాబట్టి ఆ చుక్క వేలది. 2,2 అంటే 2200 వాట్లు, 746తో భాగిస్తే దాదాపు 3 హెచ్‌పీ. కామా జారి 22 అని పడిందనుకోండి, 30 హెచ్‌పీ మోటారా అని రైతు స్టాల్ దగ్గర నిలబడను కూడా నిలబడడు. కిలోవాట్ల పక్కనే హెచ్‌పీ కూడా వేయండి, ఇక్కడ అడిగేది అదే. బేరింగ్ 6205 ఉంటే దాన్ని 6,205 చేయొద్దు, అది కొలత కాదు. చివరి 05ని 5తో గుణిస్తే 25 వస్తుంది, లోపలి బెజ్జం అన్ని మి.మీ. అన్నమాట. బేరింగ్ కూర్చునే చోట షాఫ్ట్ కూడా 25 ఉందేమో చూస్తే పట్టిక సరిగా దిగిందో లేదో తెలిసిపోతుంది. హాపర్ హాపరే, జల్లెడ జల్లెడే. షాపులో అడిగితే చేతికి రావాల కదా.

ఆదోని నుంచి ఒకరు: అన్నా, మా నాయన మిషన్‌కు బెల్టు తెగింది. ఈ కేటలాగ్‌లో బెల్టు రేటు ఉందా?

వైండింగ్ షాపు: ఇది ఆ మిషన్ కాదు తమ్ముడూ. పాత బెల్టు మీద నంబరు చూడు. బి-52 అని ఉంటే అదే చెప్పి అడుగు, టేపుతో కొలిచి మి.మీ.లో చెబితే వేరేది ఇస్తారు.

అనువాదకురాలు: ఆ నంబర్లు ముట్టుకోనులెండి. ఇంకోటి, సామర్థ్యం గంటకు 400 కిలోలు అంటాడు. కాయలా, ఒలిచిన విత్తనాలా?

మాస్టారు: మిషన్‌లో పోసేది కాయలే కదా, కాయలే అయ్యుంటాయి.

వైండింగ్ షాపు: అయ్యుంటాయి అని అచ్చేయలేం సార్. వంద కిలోల కాయలకు డెబ్బై కిలోల దాకా విత్తనాలు వస్తాయి. 400 కాయలైతే చేతికొచ్చేది 280, బేరం అక్కడే తేడా కొడుతుంది.

అనువాదకురాలు: కంపెనీకి మెయిల్ పెట్టా, ఇంకా జవాబు లేదు. అచ్చుకు ఇచ్చేలోపు రాకపోతే ‘గంటకు 400 కిలోలు’ అని మాత్రమే ఉంచి, స్టాల్‌లో ఉండే అబ్బాయికి విషయం చెప్పి పెడతా.

మాస్టారు: నాకైతే ఆ వరుసే తీసేయడం మేలనిపిస్తుంది.