సమస్య: గ్లాసు నెత్తి సఖుని గాయపరచె

ఆటవెలది అభిమాని (నిర్వహణ)

మిత్రులారా, ఈ వారం సమస్య పెళ్ళి రిసెప్షన్‌కి సంబంధించినది. పెళ్ళికొడుకు ప్రాణస్నేహితుడు లేచి, చేతిలో ఉన్న గ్లాసు ఎత్తి నాలుగు మాటలు చెప్పే సందర్భం. ఆటవెలది చివరి పాదం ఇది:

*గ్లాసు నెత్తి సఖుని గాయపరచె*

టోస్ట్ చెప్పడానికి లేచినవాడు స్నేహితుణ్ణి గాయపరచడమేమిటన్నదే ఇక్కడి చిక్కు. మిగిలిన మూడు పాదాలతో దాన్ని విప్పాలి. ఒక్క షరతు: గ్లాసులో ఏముందో పద్యంలో చెప్పవద్దు. మధువు, సుర లాంటి మాట పడితే పండ్లరసమో మంచినీళ్ళో పట్టుకున్న అతిథి ఆ టోస్ట్‌లో లేనట్టే. వడ్డించినది ఏదైనా ‘గ్లాసు’ అంటే సరిపోతుంది.

చిగురు

నా మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

పాత వలపు కథల బయటపెట్టి వరుని
తలను దించునట్లు తరచి తరచి
నవ్వులాట యనుచు నలుగురి నడుమను
గ్లాసు నెత్తి సఖుని గాయపరచె

వ్యాకరణప్రియ

చిగురు గారి పద్యం సంగతి తర్వాత. సమస్యలోనే రెండు దోషాలు కనిపిస్తున్నాయి. ఉత్వానికి అచ్చు పరమైతే సంధి నిత్యం కదా, ‘గ్లాసు + ఎత్తి’ అంటే ‘గ్లాసెత్తి’ కావాలి. మధ్యలో నకారం ఎక్కడిది? రెండోది, ‘గ్లా’ సంయుక్తాక్షరం, దానికి ‘గా’తో యతి ఎలా చెల్లుతుంది?

పాతకలం

వ్యాకరణప్రియ గారూ, మీరు చెప్పిన సూత్రం సరైనదే, కానీ ఇక్కడ వర్తించదు. ఇక్కడున్నది ‘గ్లాసు’ కాదు, ద్వితీయలో ఉన్న ‘గ్లాసున్’. ఆ ద్రుతం అచ్చుతో కలిసి ‘గ్లాసునెత్తి’ అయింది. ‘పాత్ర నెత్తి’, ‘చేయి నెత్తి’ అన్నట్టే. ‘గ్లాసెత్తి’ అంటే గణాలూ చెడతాయి. యతికి సంయుక్తాక్షరంలో ఏ హల్లునైనా తీసుకోవచ్చు. గకారం తీసుకుంటే ‘గా’తో హాయిగా కలుస్తుంది.

చిగురూ, మొదటి పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు. గణాలూ యతులూ అన్నీ కుదిరాయి. లోపం ఒక్కటే, కర్త లేడు. తలదించేలా చేసిందెవరు? ‘తరచి తరచి’ బదులు ‘తరచి చెలుడు’ అను. గణం మారదు, గ్లాసు పట్టుకున్న మనిషి పద్యంలోకి వస్తాడు.

భావం కూడా సరిగ్గా దొరికింది. టోస్ట్ చెడిపోయే తీరుల్లో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఇద్దరే ఉన్నప్పుడు పడీపడీ నవ్వుకున్న కథ నిండు సభలో నవ్వు పుట్టించదు. పెళ్ళికొడుకు తల దించుకుంటాడు, అంతకంటే ముందు పక్కనున్న పెళ్ళికూతురి ముఖం మారుతుంది. చెప్పేవాడు ఆ ముఖం చూస్తే అక్కడే ఆగిపోతాడు. చూడనివాడే కొనసాగిస్తాడు.

హడావుడి

నేను మరోలా అర్థం చేసుకుని రాసేశాను. నెత్తి అంటే తల అనుకున్నాను! పోస్ట్ చేశాక గానీ పై చర్చ చదవలేదు.

మైకు నొక్క చేత మఱియొక చేతిలో
పాత్ర నెత్తబోవ పట్టు తప్పి
జారి మీద పడుచు జగడమే లేకుండ
గ్లాసు నెత్తి సఖుని గాయపరచె

ఇది కల్పన కాదు. నా స్నేహితుడి రిసెప్షన్‌లో ఎడమచేతిలో మైకు, కుడిచేతిలో గ్లాసు పట్టుకుని మొదటి మాట నుంచే గ్లాసు పైకెత్తి మాట్లాడాను. రాసుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది. తీయడానికి మూడో చెయ్యి లేదు కదా! చల్లటి రసం వల్ల గ్లాసు బయటంతా చెమ్మ పట్టింది. టెన్షన్‌కి నా అరచేయి కూడా తడిసిపోయింది. ముందు కుర్చీలో కూర్చున్న వాడి భుజం మీదుగా జారి, అంచు నుదుటికి తగిలింది. చిన్న గీతే. ఫొటోల్లో మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది, చూసినప్పుడల్లా నాకు బాధే.

పాతకలం

హడావుడి గారూ, మీరు పొరపాటు అంటున్నది నాకు చక్కటి విరుపుగా కనిపిస్తోంది. ‘గ్లాసు’ కర్త, ‘సఖుని నెత్తి’ కర్మ. మాటల వరుస తారుమారైనా పద్యంలో అది సహజమే. నిర్వాహకులు అనుకోని దారి ఒకటి మీకు తెలియకుండానే తెరుచుకుంది.

చేతుల సంగతికి వస్తే, గ్లాసు చివరి వాక్యం దాకా బల్ల మీదే ఉండాలి. మాట్లాడినంతసేపూ ఎత్తిపట్టుకుంటే చేయి లాగుతుంది, విన్నవాళ్ళు కూడా తమ గ్లాసులు ఎప్పుడెత్తాలో తెలియక సగం ఎత్తి ఆగిపోతారు. చివర్లో తడి తుడిచి అందుకుని, భుజం ఎత్తు దాకా లేపితే చాలు. కాగితం అక్కర్లేకుండా నోటికి వచ్చేంత చిన్నదిగా ఉండాలి. అందుకే టోస్ట్‌కి ఒక ఆటవెలది సరైన కొలత అంటాను. నిదానంగా చదివినా అర నిమిషం పట్టదు.

నీలిమేఘం

నాదీ విరుపే. గాయం చేయడం కాదు, కాయడం!

మాట రాక నిలువ మన వరు డొక్కడై
చూచి చెలుడు లేచి చొరవ తోడ
నాల్గు మాటలందు నవ్వుల పాన్పును
గ్లాసు నెత్తి సఖుని గాయ పరచె

మైకు ఇవ్వగానే నోరు పెగలని పెళ్ళికొడుకుని కాయడానికి స్నేహితుడు నవ్వుల పాన్పు పరిచాడని భావం.

చిగురు

అద్భుతం! ‘గాయపరచె’ని విరిచి గాయమే లేకుండా చేశారు.

పాతకలం

ఈ విరుపుకి నా నమస్కారం. కానీ ఒక మెలిక ఉంది. ‘సఖునిన్ + కాయ’ అన్నప్పుడు ద్రుతం వల్ల కకారం గకారమైంది, బాగుంది. ‘కాయన్’ కూడా ద్రుతాంతమే కదా, దాని తర్వాత ‘పరచె’ కూడా ‘బరచె’ కావాలి. ‘సఖునిఁ గాయఁ బరచె’ అవుతుంది, సమస్యలో ఉన్నది ‘పరచె’. ఒకే పాదంలో నియమాన్ని ఒకచోట వాడుకుని, రెండోచోట వదిలేసినట్టయింది.

నీలిమేఘం

ఒప్పుకుంటాను. అయితే ఇప్పటి పద్యాల్లో సరళాదేశాన్ని చాలామంది ఐచ్ఛికంగానే పాటిస్తున్నారు. విరుపులో ఆ మాత్రం వెసులుబాటు ఉండాలని నా అభిప్రాయం.

వ్యాకరణప్రియ

ఈసారి నేను పాతకలం గారి పక్షం.

ఆటవెలది అభిమాని

నేను నీలిమేఘం గారి పక్షం. ఇది తేలేది కాదు, ముందుకు వెళ్దాం. నా పూరణ ఇదిగో. ఇందులో స్నేహితుడే నేరుగా మాట్లాడతాడు.

గొడుగు నాకు నిచ్చి తడిసినట్టి చెలుడు
వదిన, మిమ్ము విడడు వానలోన
నిజము చెప్ప లేచి నిలిచితి నెవ్వాడు
గ్లాసు నెత్తి సఖుని గాయపరచె?

మూడో పాదం చివరి ‘ఎవ్వాడు’ నుంచి ప్రశ్న. గ్లాసెత్తి స్నేహితుణ్ణి గాయపరచినవాడు ఎవడైనా ఉన్నాడా అని.

వ్యాకరణప్రియ

మొదటి పాదంలో ‘గొ’కీ ‘త’కీ యతి లేదు.

పాతకలం

ప్రాసయతి వేశారు, చూడండి. ‘గొడు’, ‘తడి’ రెండింటిలో రెండో అక్షరం డకారం, ముందున్నవి రెండూ లఘువులే. ఆటవెలదిలో చెల్లుతుంది.

అభిమాని గారూ, ఈ పూరణలో నాకు నచ్చింది గొడుగు. ‘మంచివాడు, త్యాగశీలి’ అని పది విశేషణాలు చెప్పినా పెళ్ళికూతురి వైపు వాళ్ళకు వరుడు కనబడడు. తడుస్తున్న ఒక మనిషిని చూపించారు, వెంటనే కనబడ్డాడు. అదే వానని రెండో పాదంలో వదినగారి దాకా తెచ్చారు. చాలా టోస్టుల్లో స్నేహితుడు తన పాత రోజుల్లోనే ఉండిపోతాడు, పెళ్ళికూతురు పేరు చివర్లో ఆశీస్సుకి మాత్రమే వస్తుంది.

సమస్యాపూరణగా దీనికి మార్కులన్నీ ఇస్తాను. కానీ నిజంగా సభలో చదివితే? విన్నవాళ్ళ చెవిలో మిగిలే ఆఖరి మాట ‘గాయపరచె’. ప్రశ్నగా అన్నా సరే, శుభకార్యంలో ఆ మాటతో ఆగకూడదు. గ్లాసులెత్తమని పిలుపు కూడా లేదు.

రేపటిసభ

నాకు కావలసింది సరిగ్గా అదే. రేపు సాయంత్రం నా మిత్రుడి రిసెప్షన్. పూరణ కాదు, చదవడానికి పద్యం కావాలి. చివరి రెండు పాదాలు మార్చి ఇవ్వగలరా?

పాతకలం

మొదటి రెండూ అభిమాని గారివే ఉంచి రాస్తున్నాను.

గొడుగు నాకు నిచ్చి తడిసినట్టి చెలుడు
వదిన, మిమ్ము విడడు వానలోన
మేలు కలుగు ననుచు మీయిద్దరికి నేడు
గ్లాసు లెత్త రండు కలసి మనము!

చదివేటప్పుడు మొదటి పాదం మిత్రుణ్ణి చూస్తూ, రెండోది ఆమెను చూస్తూ, మూడోది ఇద్దరినీ చూస్తూ చెప్పండి. నాలుగో పాదానికి ముందు ఒక్క క్షణం ఆగి గ్లాసు అందుకోండి. అప్పుడు సభ వైపు తిరిగి ‘గ్లాసు లెత్త రండు’ అంటూ ఎత్తండి. మీరు లేవకముందే అందరి గ్లాసుల్లో ఏదో ఒకటి పోశారో లేదో ఒకసారి చూసుకోండి. ఖాళీ గ్లాసున్నవాడు ఆ సమయంలో వడ్డించేవాళ్ళ కోసం వెతుక్కుంటూ ఉంటాడు.

రేపటిసభ

రెండు ఇబ్బందులున్నాయండీ. పెళ్ళికొడుకు నాకంటే చిన్నవాడు, ఆమెను వదిన అనలేను. గొడుగు కథ కూడా నాది కాదు. నాకు బాగా జ్వరమొస్తే వాడు తెల్లవార్లూ మంచం పక్కన కూర్చున్నాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా తడిగుడ్డ పిండుతూ కనిపించేవాడు. అది పెట్టాలని ఉంది. ప్రయత్నించాను:

జ్వరము వచ్చినపుడు జాగరమున్నాడు
చెల్లి, నిన్ను కూడ చేయి విడడు

మూడు, నాలుగు మీవే.

చిగురు

చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ జ్వరం ఎవరికి వచ్చిందో తెలియడం లేదు, వాడికే అనుకుంటారేమో?

పాతకలం

చిగురు సరిగ్గా పట్టుకుంది. ‘జ్వరము నాకు రాగ జాగరమున్నాడు’ అనండి. ‘నాకు రాగ’ రెండు గలాలు, గణాలు సరిపోయాయి. యతి జకారానికే ఉంది కాబట్టి కదలదు. మిగతాది ముట్టుకోకండి. రాత్రికి ఒకసారి గ్లాసు పట్టుకుని, గట్టిగా చదివి చూసుకోండి.