రన్‌షీట్ వరస మనం మార్చుకోవచ్చా, యాప్ చెప్పినట్టే పోవాలా?

నిజాంపేట రైడర్: అన్నా, జాయినై 3 వారాలైంది. పొద్దున హబ్‌ల 50, 55 పార్సిళ్లు స్కాన్ చేసి ఇస్తరు, వరస యాప్ ఇస్తది. అట్లనే పోతే సాయంత్రానికి 10, 12 మిగుల్తున్నయి, ఎక్కువ డోర్ లాక్‌లే. వరస నేను మార్చుకోవచ్చా? దొరకనోళ్లయి అక్కడ్నే ఫెయిల్ కొట్టాల్నా, పెండింగ్‌ల పెట్టుకోవాల్నా?

పాత బుల్లెట్: మార్చుకో బ్రో. నేనైతే ముందు హబ్‌కి బాగా దూరంగా ఉన్నదానికి పోయి అక్కణ్ణుంచి ఇచ్చుకుంటూ వెనక్కి వస్తా, సాయంత్రం క్యాష్ కట్టేటప్పటికి హబ్ పక్కనే ఉంటా. దొరక్కపోతే ఫెయిల్ కొట్టి ముందుకెళ్లు, ఆగితే పని అవ్వదు.

డబ్బా బ్యాగ్: మాకైతే మార్చే ఆప్షనే లేదు. రెస్టారెంట్‌లో రెండు ఆర్డర్లు ఇస్తే మొదటిది మొదటే ఇవ్వాలి, లేటైతే కూర చల్లారిపోయిందని రేటింగ్ కొడతారు.

హబ్ షిఫ్ట్ అన్న: డబ్బా బ్యాగ్ తమ్ముడూ, మీ ఫుడ్ లెక్క వేరు, ఇతనడిగేది పార్సిళ్ల గురించి.

నేను 6 ఏళ్లు బండి మీద తిరిగి ఇప్పుడు హబ్‌లో ఉంటున్నా. దూరం నుంచి దగ్గరికి రావడం పెట్రోల్ వరకు బాగుంటది, కానీ డోర్ లాక్‌లు దానితో తగ్గవు. యాప్ చూసేది దూరం, నువ్వు చూడాల్సింది మనిషి ఇంట్లో ఏ టైముకి ఉంటాడని. మా దగ్గర ఒక పిల్లాడికి 54 స్టాప్‌లు వచ్చినయి, యాప్ మొదటి 9 రోడ్డు మీద షాపులే ఇచ్చింది, 9:15కి పోతే అన్నీ షట్టర్లు దించి ఉన్నయి. ఒకే గేటెడ్ కమ్యూనిటీలో 12 పార్సిళ్లుంటే అక్కడికి మధ్యాహ్నం 1:30కి చేరాడు, అందులో 5 ఇచ్చాడు, మిగతావాళ్లంతా ఆఫీసుల్లో.

మర్నాడు ఇంచుమించు అదే బీట్. బ్యాగ్ సర్దకముందే నేల మీద మూడు కుప్పలు పెట్టించా: పొద్దున్నే ఇంట్లోంచి వెళ్లిపోయేవాళ్లు, 11 దాటాక తెరిచేవి, పెద్దవాళ్లుండే ఇండిపెండెంట్ ఇళ్లు. ముందు ఇవ్వాల్సినవి బ్యాగ్‌లో పైన. 9:20కి ఆ కమ్యూనిటీ గేటు దగ్గరున్నాడు, సెక్యూరిటీ ఎంట్రీ రాసేలోపే ఫోన్లు కొట్టాడు, బ్లాక్ బ్లాక్‌కి లిఫ్ట్‌లో పైకెళ్లి మెట్ల మీద ఇచ్చుకుంటూ దిగాడు. 12లో 10 పోయినయి. మెయిన్ రోడ్డు రెండుసార్లు దాటాల్సొచ్చి 4 కిలోమీటర్లు ఎక్కువ తిరిగాడు, అది నిజం.

ఫెయిల్ సంగతి. ఫోనెత్తి "సాయంత్రం రండి" అంటే కొట్టకు, పార్సిల్ మీద స్కెచ్ పెన్‌తో టైమ్ రాసుకుని పెండింగ్‌లో పెట్టు. ఫోనే ఎత్తకపోతే 10 నిమిషాల తేడాతో యాప్‌లోంచే రెండుసార్లు చెయ్యి, సొంత నంబర్ నుంచి చేస్తే రికార్డులో పడదు. అప్పటికీ ఎత్తకపోతే ఆ గుమ్మం ముందే కొట్టు. హబ్‌కొచ్చి అన్నీ ఒకేసారి కొడితే లొకేషన్ హబ్‌దే పడి ఫేక్ అటెంప్ట్ కింద లెక్కకొస్తది. కారణం కూడా సరిగ్గా పెట్టు. అడ్రస్ తప్పయితే అడ్రస్ తప్పనే కొట్టు, "కస్టమర్ లేరు" అని కొడితే రేపొచ్చే రైడర్ కూడా అదే సందులో తిరుగుతాడు, మూడు అటెంప్ట్‌లు అయిపోయి పార్సిల్ వాపసు పోతది.

కేపీహెచ్‌బీ గృహిణి: నాకు జరిగింది చెప్తా. పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉన్నా, ఫోన్ చేతిలోనే ఉంది, ఒక్క రింగ్ లేదు, 4 గంటలకి "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్. మా నాన్నగారి షుగర్ స్ట్రిప్పులు అందులోనే ఉన్నాయి. ఆయన చెకప్ మానేసి రెండ్రోజులు కూర్చోవాల్సొచ్చింది.

హబ్ షిఫ్ట్ అన్న: అమ్మా, అది తప్పే. ఆ స్టాప్‌కి కాల్ రికార్డు, లొకేషన్ రెండూ చూడమని కంప్లైంట్‌లో అడగండి, రాకుండా కొడితే అక్కడ దొరికిపోతది.

పాత బుల్లెట్: అన్నా, కమ్యూనిటీ ముందు పెట్టే మాట ఒప్పుకుంటా, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. కానీ సాయంత్రం రెండో రౌండ్ పెట్రోల్ ఎవరిది? మాకు పార్సిల్ ఇస్తేనే డబ్బులు, రెండుసార్లు పోయినా ఒక్కసారికే లెక్క. 3 పార్సిళ్ల కోసం బాచుపల్లి దాకా వెనక్కి పోతే మిగిలేదేముంది? పైగా మా యాప్‌లో వరస తప్పితే ప్రతిసారీ కారణం అడుగుద్ది.

హబ్ షిఫ్ట్ అన్న: కారణం సంగతి పొద్దున హబ్‌లోనే ఇన్‌చార్జికి చెప్పి పో. పెట్రోల్‌కి నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లే దారిలో పడేవే సాయంత్రానికి పెట్టుకో, పడనివి కస్టమర్‌ని అడిగి రేపటికి వేయి.

నిజాంపేట రైడర్: రేపు కుప్పలు పెట్టి చూస్త అన్నా. ఇంకొకటి, మా బీట్‌ల ఒక అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ 7 దాటితే లోపలికి రానియ్యడు, కస్టమర్ ఏమో 7:30కే వస్తడు. ఓటీపీ పార్సిల్, గేటు దగ్గర పెట్టి పోనీకి రాదు. దీనికి ఎవరన్నా ఏం చేస్తున్నరు?