పోయిన నెల సున్నా ఉంటే ఈ నెల పెరుగుదల ఎంత శాతం అని వేయాలి?

ఏలూరు_అకౌంట్స్:
మాది ఇన్వర్టర్ బ్యాటరీల డీలర్‌షిప్, ఐదు బ్రాంచీలు. వాటిలో తణుకు, నిడదవోలు కొత్తవి. ప్రతినెలా రివ్యూ షీట్ నేనే చేస్తాను. ఈ నెల లెక్క ఇలా ఉంది (పోయిన నెల, ఈ నెల):

ఏలూరు 310, 341
భీమవరం 240, 228
తాడేపల్లిగూడెం 180, 189
తణుకు 2, 46
నిడదవోలు 0, 19

తణుకుకి 2200 శాతం వస్తోంది. నిడదవోలు గడిలో `#DIV/0!` పడుతోంది. మా సార్ సగటు పెరుగుదల ఎంతని అడిగారు. నిడదవోలు వదిలేసి మిగతా నాలుగింటికి సగటు తీస్తే 552 శాతం వచ్చింది. ఇది పట్టుకెళ్లి ఎలా చూపించను?

షీట్_మాస్టర్:
దీనికింత ఆలోచన ఎందుకండీ. `IFERROR` పెట్టి ఎర్రర్ వచ్చినచోట 100 శాతం వేయండి. ఏమీ లేనిచోట ఏదో ఒకటి వచ్చింది కదా, అంటే నూటికి నూరు పెరిగినట్టే. మా ఆఫీసులో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం.

మూలం_చూడు:
మాస్టర్ గారూ, ఎర్రర్ కనిపించకుండా చేయాలన్న మీ ఉద్దేశం సరే, కానీ 100 శాతం అంటే రెట్టింపు అని అర్థం. 46 నుంచి 92కి వెళ్లిన బ్రాంచీకీ 100 పడుతుంది, సున్నా నుంచి ఒక్క బ్యాటరీ అమ్మిన బ్రాంచీకీ 100 పడుతుంది. చదివేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది? పైగా `IFERROR` ఏ ఎర్రర్‌నైనా మింగేస్తుంది. రేపు ఎవరో కాలమ్ డిలీట్ చేసి `#REF!` వచ్చినా మీ షీట్‌లో 100 శాతమే కనబడుతుంది.

ఏలూరు గారూ, దేన్నీ సున్నాతో భాగించలేం కాబట్టి నిడదవోలుకి శాతం అనేదే లేదు. తణుకుకి ఉంది గానీ దానివల్ల ఉపయోగం లేదు. సగటు సంగతికొస్తే, 310 బ్యాటరీల బ్రాంచీకీ 2 బ్యాటరీల బ్రాంచీకీ సమాన బరువు ఇచ్చారు, అందుకే 552 వచ్చింది. మొత్తం మీద చూడండి. ఐదూ కలిపితే 732 నుంచి 823, అంటే 12.4 శాతం. మీ సార్ అడిగినదానికి జవాబు అదే.

ఆవకాయ_అత్తయ్య:
బాబూ, నాదీ ఇదే గోల. ఇంట్లో పచ్చళ్లు పెట్టి పార్సిల్ చేస్తాను. ఫిబ్రవరిలో 3 జాడీలు, కొత్తావకాయ వచ్చాక మేలో 160. మా అబ్బాయి లెక్క చూసి వ్యాపారం 50 రెట్లు పెరిగిందన్నాడు. జూలైకల్లా మళ్లీ 20కి దిగిపోతే పడిపోయిందంటాడు. నేను ఏ నెలతో పోల్చుకోవాలి?

మూలం_చూడు:
అత్తయ్యగారూ, మీది సీజన్ సంగతి. ఈ మేని పోయిన మేతో పోల్చండి, సరిపోతుంది. ఏలూరు గారి తణుకు, నిడదవోలు కొత్త బ్రాంచీలు, వాటికి పోయిన ఏడాది అనేదే లేదు.

పాత_పేపర్లు:
పోయిన ఏడాది అదే నెలతో పోల్చినా ఒక్కోసారి ఇదే తంటా. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో దేశ పారిశ్రామికోత్పత్తి సూచీ 54కి పడిపోయింది. 2021 ఏప్రిల్‌లో 126.6. లెక్క కడితే 134 శాతం పెరుగుదల. కానీ 2019 ఏప్రిల్‌లో ఆ సూచీ 126.5. అంటే రెండేళ్లలో ఉన్నచోటనే ఉన్నాం. 2020 ఏప్రిల్‌లో మారుతి సుజుకి దేశంలో ఒక్క కారూ అమ్మలేదు, 632 ఎగుమతి చేసింది అంతే. అందుకే 2021 ఏప్రిల్ అమ్మకాలను ఆ సంస్థ అదే ఏడాది మార్చితో పోల్చి చెప్పింది. పోల్చే నెల మామూలు నెలేనా అని ముందు చూసుకోవాలి.

షీట్_మాస్టర్:
సరే, 100 తప్పే. అయితే రెండు నెలల సగటుతో భాగిద్దాం. తణుకుకి తేడా 44, సగటు 24, 183 శాతం వస్తుంది. 2200 కన్నా నయం కదా, సున్నా ఉన్నా ఎర్రర్ రాదు.

మూలం_చూడు:
ఆ పద్ధతి వాడేవాళ్లున్నారు. కానీ అందులో సున్నా నుంచి 1కి వెళ్లినా 200 శాతమే, సున్నా నుంచి 500కి వెళ్లినా 200 శాతమే. నిడదవోలు గురించి ఏమీ చెప్పదు.

నేనైతే ప్రతి బ్రాంచీ తేడానీ కంపెనీ మొత్తం పోయిన నెల అమ్మకంతో భాగిస్తాను. ఏలూరు 31ని 732తో భాగిస్తే 4.2 శాతం. భీమవరం మైనస్ 1.6, తాడేపల్లిగూడెం 1.2, తణుకు 6.0, నిడదవోలు 2.6. కలపండి, సరిగ్గా ఆ 12.4 వస్తుంది. అంటే పెరిగిన 12.4లో 8.6 కొత్త బ్రాంచీలదే, పాత మూడూ కలిసి తెచ్చింది 3.8. ఈ మాట సార్‌కి పనికొస్తుంది. ఫార్ములా ఇది:

```
=IF(B2="","రిపోర్ట్ లేదు",(C2-B2)/SUM(B$2:B$6))
```

ఎక్సెల్ ఖాళీ గడిని కూడా లెక్కల్లో సున్నాగానే తీసుకుంటుంది. అందుకే మొదటి ముక్క పెట్టాను. నిడదవోలు సున్నా నిజంగా సున్నాయేనా, లేక రిపోర్ట్ రాకపోతే మీరు సున్నా వేశారా? ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకోటి, పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేస్తే ఎక్సెల్ అక్షరాలున్న గడుల్ని అంకెలకన్నా పైన పెడుతుంది. ఇక్కడ అది మంచికే, రిపోర్ట్ రాని బ్రాంచీ ముందు కనబడుతుంది.

బ్రాంచి_మేనేజర్:
నేను ఒప్పుకోను. మాలాంటి చిన్న బ్రాంచీల కష్టం ఇందులో ఏం కనబడుతుంది? 2 నుంచి 46కి తెచ్చినవాడికి 6, ఊరికే కూర్చున్న ఏలూరుకి 4.2నా? శాతం తీసేస్తే మా పని ఎవరు చూస్తారు?

మూలం_చూడు:
మీ బాధ న్యాయమైనదే. శాతం తీసేసి పక్కన +44 అని అంకెగానే పెట్టమంటాను, అది ఎవరికైనా కనబడుతుంది. శాతంతో ఇబ్బంది ఏమిటంటే, పోయిన నెల 2కి బదులు 4 అమ్మి ఉంటే, మిగతాదంతా అలాగే ఉన్నా 2200 కాస్తా 1050 అవుతుంది. పోయిన నెల ఇద్దరు కస్టమర్లు ఎక్కువ వచ్చినంత మాత్రాన మీ కష్టం సగమైపోదు కదా.

ఇంత చిన్న అంకెల్లో ఊగిసలాట ఎంతో చూసుకోవడానికి నేను వాడే మోటు లెక్క ఒకటుంది. రెండు నెలలూ కలిపి వర్గమూలం తీసి, తేడాని దానితో పోల్చండి. 3 నుంచి 7కి వెళ్తే 133 శాతం, కానీ 10కి వర్గమూలం 3 పైచిలుకు, తేడా 4. ఆ తేడా ఊరికే కూడా వస్తుంది. తణుకుకి 48కి వర్గమూలం 7 లోపు, తేడా 44. అక్కడ నిజంగా పెరిగింది, అనుమానం లేదు. ఎన్ని రెట్లన్నదే చెప్పలేం.

షీట్_మాస్టర్:
మా సార్లకి వర్గమూలాలు చెబితే వినరండీ. పోయిన నెల 20 దాటకపోతే శాతం వేయం అని ఒక గీత గీసేస్తే చాలు.

పాత_పేపర్లు:
20 ఎందుకు, 30 ఎందుకు కాదు? 19 ఉన్న బ్రాంచీవాడు వచ్చి అడుగుతాడు.

ఏలూరు_అకౌంట్స్:
ఫోన్ చేశానండి. నిడదవోలు షాపు పోయిన నెల 20న తెరిచారు, 7 బ్యాటరీలు అమ్మారు, రిపోర్ట్ పంపలేదు. నేనే సున్నా వేసుకున్నాను. తణుకు తెరిచింది 27న, ఆ 2 నాలుగు రోజులవి. ఇప్పుడు మొత్తం 739 నుంచి 823, 11.4 శాతం. షీట్‌లో శాతం కాలమ్ తీసేసి తేడా, వాటా పెట్టాను, కొత్త బ్రాంచీల పక్కన తెరిచిన తేదీ రాశాను. కానీ ఇన్సెంటివ్ మాత్రం శాతం మీదే ఉంది, తణుకు అబ్బాయి అడుగుతున్నాడు. రోజువారీ సగటు మీద ఇవ్వొచ్చా?

మూలం_చూడు:
నాలుగు రోజుల్లో 2 అంటే రోజుకి అర. ఆ సగటు కూడా అంతే వణుకుతుంది. కొత్త బ్రాంచీకి మొదటి మూడు నెలలు అంకెల టార్గెట్ ఇస్తే మేలని నాకనిపిస్తుంది.

బ్రాంచి_మేనేజర్:
ఇక ముందుకైతే సరే. ముందే శాతం మీద ఇస్తామని చెప్పాక, ఈ నెలది శాతం మీదే ఇవ్వాలి.