360 అంకెల పట్టికను చార్టుగా మార్చాలా, అలాగే ఉంచాలా?

పరకాల_పత్తి: పత్తి మీద పీహెచ్‌డీ చేస్తున్నా. 12 రకాలు, మూడు ఎడాలు: 90×60, 90×30, 90×15 సెంటీమీటర్లు. రెండేళ్లు, ఐదు లక్షణాలు. అన్నీ కలిపి 360 అంకెలు, పట్టిక రెండు పేజీలు దాటింది. రివ్యూయర్ చార్టు వేయమన్నారు. పట్టిక తీసేస్తే పేపర్‌కు బలం ఉండదని గైడ్ సార్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

డేటా_అన్న: రివ్యూయర్ మాటే విను తమ్మీ. రెండు పేజీల అంకెలు ఎవరూ చదవరు. 1847.33 కిలోలు అని ఎందుకు రాస్తారు? 1850 అంటే చాలదా? అక్షర క్రమంలో కాకుండా దిగుబడి ప్రకారం పేర్చి బార్ చార్ట్ వేసెయ్. బార్లన్నీ ఒకే ఎత్తులో కనిపిస్తే స్కేలును 1000 నుంచి మొదలుపెట్టు, తేడా బాగా కనిపిస్తుంది. ఐదు లక్షణాలకూ ఐదు చార్టులు.

జగిత్యాల_విత్తనం: నేను దీనికి ఒప్పుకోను. నా సర్వీసంతా రకాల ఎంపికలోనే గడిచింది. వేరే ఊళ్లో ఇదే రకం వేసినవాళ్లు తమ ఫలితాన్ని మీ ఫలితంతో పోల్చుకోవాలంటే అంకె కావాలి. పది పేపర్ల ఫలితాలు కలిపి విశ్లేషించేవాళ్లు బొమ్మ మీద మౌస్ పెట్టి ఒక్కో చుక్కకు విలువ అంచనా వేసుకుంటున్నారు. అంత తిప్పలు వాళ్లకెందుకు? ఇంకో మాట. జిన్నింగ్ శాతం 33 నుంచి 37 మధ్య ఉంటుంది. సున్నా నుంచి బార్ గీస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. 32 నుంచి గీస్తే 37 ఉన్న రకం 33 ఉన్నదానికి ఐదు రెట్లు అన్నట్టు కనిపిస్తుంది. రెండూ అబద్ధమే.

హన్మకొండ_స్టాట్స్: సార్ చెప్పిన ఆ రెండు అబద్ధాల దగ్గరే మొదలుపెడదాం. బార్‌లో పాఠకుడు చూసేది పొడవును. అందుకే అది సున్నా నుంచే రావాలి, 1000 నుంచి గీయడం కుదరదు. చుక్కలో చూసేది స్థానాన్ని, కాబట్టి స్కేలు ఎక్కడ మొదలైనా ఇబ్బంది లేదు. ఒకే స్కేలు మీద స్థానాలను పోల్చడంలో మన కన్ను అన్నిటికంటే తక్కువ తప్పు చేస్తుందని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలు చేసి చూపించారు.

అయితే చార్టా పట్టికా అన్నది తర్వాతి ప్రశ్న. పరకాల తమ్ముడూ, నీ పేపర్ ఏం చెబుతోంది? ఎడం తగ్గిస్తే కొన్ని రకాలకు దిగుబడి పెరిగింది, కొన్నిటికి తగ్గింది అని కదా? 90×60లో హెక్టారుకు 18,500 మొక్కలు పడతాయి, 90×15లో 74,000. గుబురుగా పెరిగే రకం ఆ ఒత్తిడికి కాయలు రాలుస్తుంది, పొట్టిగా నిటారుగా పెరిగేది తట్టుకుంటుంది. ఈ మాట నీ పట్టికలో ఉంది కానీ కనిపించదు. ఒక రకం మూడు అంకెలు మూడు నిలువు వరుసల్లో, మధ్యలో వేరే లక్షణాలు అడ్డం పడి ఉన్నాయి. కాబట్టి దిగుబడికి మాత్రం చార్టు వెయ్యి.

ఇలా చెయ్యి. ఒక్కో రకానికి ఒక అడ్డ గీత. దాని మీద మూడు చుక్కలు: వెడల్పు ఎడానికి ఖాళీ చుక్క, మధ్యదానికి బూడిద రంగు, దగ్గరి ఎడానికి నిండు నలుపు. నలుపు తెలుపులో ప్రింటైనా తెలుస్తుంది. గీతలను దిగుబడి ప్రకారం కాకుండా, 90×15 దిగుబడిలోంచి 90×60 దిగుబడి తీసేస్తే వచ్చే తేడా ప్రకారం పేర్చు. అప్పుడు పైన ఉన్న రకాల్లో నల్ల చుక్క కుడివైపు ఉంటుంది, కిందికి వచ్చేసరికి ఎడమకు దాటుతుంది. ఎక్కడ దాటిందో అదే నీ పేపర్ సారాంశం. ఆర్‌లో ఆ తేడాను `teda` అనే కాలమ్‌లో పెట్టుకుంటే:

```r
library(ggplot2)
d$rakam <- reorder(d$rakam, d$teda)
ggplot(d, aes(digubadi, rakam, fill = edam)) +
  geom_point(shape = 21, size = 3) +
  scale_fill_manual(values = c("90×60" = "white", "90×30" = "grey60", "90×15" = "black"))
```

ఈ `reorder` వాడకపోతే రకాలు అక్షర క్రమంలో వస్తాయి, చుక్కలు చల్లినట్టు ఉంటాయి.

మిగతా నాలుగు లక్షణాలకు చార్టు వద్దు. వాటిలో ఎడానికీ రకానికీ మధ్య చెప్పుకోదగ్గ కథేమీ లేకపోతే రకానికి ఒక సగటు చాలు. ఎత్తు సెంటీమీటర్లలో, కాయ బరువు గ్రాముల్లో, జిన్నింగ్ శాతంలో ఉంటాయి. వాటిని ఒకే స్కేలు మీదికి తేవడం కంటే 12 వరుసల చిన్న పట్టికే హాయిగా చదవొచ్చు. 360 అంకెల అసలు పట్టిక అనుబంధ ఫైలులో ఉండాలి, జగిత్యాల సార్ పట్టుదల అక్కడ నూటికి నూరు పాళ్లు న్యాయం.

కరీంనగర్_నీళ్ల_ల్యాబ్: మాకూ ఇదే టెన్షన్. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పట్టిక ఊరి వారీగా ఉంది, చార్టు వేస్తే సర్పంచులకు అర్థమవుతుందా?

హన్మకొండ_స్టాట్స్: మేడమ్, మీ సంగతి వేరు. సర్పంచ్ గారు వెతికేది తన ఊరి పేరును, దాని పక్కన ఉన్న అంకెను. పట్టికే ఉంచండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన వరుసలను ముదురు చేయండి. పరికరం పట్టుకోలేనంత తక్కువ ఉన్న శాంపిళ్లకు మీరు ఏదో ఒక గుర్తు పెట్టి ఉంటారు. చార్టులోకి వెళ్తే అవి సున్నా చుక్కలైపోతాయి. ఫ్లోరైడ్ అసలు లేదన్న అర్థం వస్తుంది, అది మీరు కొలిచిన విషయం కాదు.

డేటా_అన్న: చుక్కల మాట ఒప్పుకుంటా. మరి ప్రతి చుక్కకూ ఎర్రర్ బార్ ఉండొద్దా?

హన్మకొండ_స్టాట్స్: ఒక్కో చుక్క వెనక ఉన్నవి మూడు రెప్లికేషన్లే. మూడు అంకెల్లోంచి తీసిన ఎర్రర్ బార్ ఒక రకానికి చిన్నగా, పక్క రకానికి పెద్దగా వస్తుంది, చాలావరకు అది యాదృచ్ఛికమే. ప్రయోగం మొత్తం ఎర్రర్‌లోంచి వచ్చిన సిడి, అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమేనని చెప్పడానికి కావాల్సిన కనీస తేడా, దాని పొడవును ఒక మూల గీతగా గీస్తే మేలు. కానీ తమ్ముడూ, ఇక్కడ జాగ్రత్త. నీది స్ప్లిట్ ప్లాటేనా?

పరకాల_పత్తి: అవును మేడమ్. పెద్ద మడికి ఒక ఎడం, అది మెయిన్ ప్లాట్. అందులోని ఒక్కో చిన్న మడికి ఒక రకం, అది సబ్ ప్లాట్. సిడిలు నాలుగు వచ్చాయి. పట్టిక కింద నాలుగూ రాసేశాను.

హన్మకొండ_స్టాట్స్: చార్టులో నాలుగూ పెట్టలేవు. పాఠకుడు ఒకే గీత మీది చుక్కలను పోలుస్తాడు, అంటే ఒకే రకాన్ని వేర్వేరు ఎడాల్లో. దానికి సరిపోయే సిడినే గీయాలి. అందులో మెయిన్ ప్లాట్ ఎర్రర్, సబ్ ప్లాట్ ఎర్రర్ రెండూ కలుస్తాయి. చాలామంది రకాల మధ్య తేడాకు వచ్చే సిడిని గీసేస్తారు. మెయిన్ ప్లాట్ ఎర్రర్ పెద్దదైతే ఆ గీత ఉండాల్సినదాని కంటే పొట్టిగా వస్తుంది, లేని తేడాలు ఉన్నట్టు కనిపిస్తాయి. ఏ పోలికకు ఏ సిడి గీశావో బొమ్మ కింద ఒక వాక్యంలో రాయి.

జగిత్యాల_విత్తనం: ఈ మాట బాగుంది. పట్టిక అనుబంధంలో ఉంటుందంటే చార్టుకు నాకు అభ్యంతరం లేదు. రెండేళ్లూ కలిపి సగటు మాత్రం వేయొద్దు. వాన ఆలస్యమైన ఏడు రకాల వరుసే మారిపోతుంది.

పరకాల_పత్తి: నిజమే సార్, రెండో ఏడు నాలుగు రకాలు అటూ ఇటూ అయ్యాయి. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే వరుస ఏ ఏడాదిది తీసుకోవాలి?

హన్మకొండ_స్టాట్స్: మొదటి ఏడాది వరుసనే రెండింటిలోనూ ఉంచు. చెదిరిన నాలుగు రకాలు రెండో బొమ్మలో వాటంతట అవే బయటపడతాయి.

జగిత్యాల_విత్తనం: నేనైతే రెండేళ్ల తేడాల సగటుతో పేరుస్తాను. మొదటి ఏడాదికే పెద్దపీట వేయడానికి కారణం ఏముంది?

హన్మకొండ_స్టాట్స్: సగటుతో పేరిస్తే రెండు బొమ్మల్లోనూ కొంచెం కొంచెం చెదురుతుంది సార్, ఏ రకం మారిందో తేలదు. దీని మీద మనిద్దరికీ కుదిరేలా లేదు. తమ్ముడు రెండూ గీసి గైడ్ సార్ ముందు పెట్టనీ.