వేగంగా తగ్గిపోయే సమీకరణం స్టెప్‌ని ఎందుకు పెంచనివ్వదు?

చుక్కలగీత: `y' = -50(y - cos t)`, `y(0) = 0`. దీన్ని మామూలు ఆయిలర్ పద్ధతిలో `h = 0.05` పెట్టి నడిపాను. వచ్చిన విలువలు: 2.5, -1.25, 4.37, -4.08, 8.57... ఇలా పిచ్చెక్కినట్టు పెరుగుతున్నాయి. అసలు సమాధానం `t = 0.1` దాటేసరికే దాదాపు `cos t` మీదికి వచ్చేస్తుంది. ఆ తర్వాత అంత నున్నగా సాగే గీతకి 0.05 స్టెప్ చాలదా? `cos t` ఒక్కదాన్నే గీయాలంటే అంత చిన్న స్టెప్ కూడా అక్కర్లేదు.

సగంలెక్క: మొదట్లో ఆ గబుక్కున ఎగిరే భాగం ఉంది కదండీ, దాన్ని పట్టుకోవడానికే చిన్న స్టెప్ కావాలి. 0.2 వరకు `h = 0.005` పెట్టండి. అది చచ్చిపోయాక హాయిగా 0.05కి మారండి.

పాతకోడు: మొదటి సగం ఒప్పుకుంటాను, రెండోది పని చేయదు. వేగంగా తగ్గే భాగం సమాధానంలోంచి పోతుంది, సమీకరణంలోంచి పోదు. ఆ -50 అక్కడే కూర్చుని ఉంటుంది.

ఒక స్టెప్‌లో ఉన్న తప్పుకి ఏమవుతుందో చూడండి. ఆయిలర్‌లో ఈ సమీకరణానికి తప్పు ప్రతి స్టెప్‌కీ `1 - 50h` తో గుణించబడుతుంది. `h = 0.05` అయితే అది -1.5. అంటే గుర్తు మారుతూ ఒకటిన్నర రెట్లు. మీ విలువలు పైకీ కిందకీ ఊగడం దానివల్లే. అసలు సమాధానంలో ఆ తప్పు క్షణంలో ఆరిపోవాలి, పద్ధతి మాత్రం దాన్ని పెంచుతోంది.

సగంలెక్క గారు చెప్పినట్టు 0.2 దగ్గర మారినా, అప్పటికి తప్పు ఎంత చిన్నదైనా సున్నా కాదు, పైగా ప్రతి స్టెప్ కొంచెం కొత్త తప్పు కలుపుతుంది. 1.5ని 20 సార్లు గుణిస్తే 3300 పైనే. కాబట్టి మారాక 20 స్టెప్‌లకే తప్పు 1 దాటిపోతుంది. మొదటి పది స్టెప్‌లు బాగానే కనిపిస్తాయి, అదే మోసం.

గుణకం -1కీ 1కీ మధ్య ఉండాలంటే `h` 0.04 లోపు ఉండాలి. 0.03 పెడితే -0.5, ఊగుతూ తగ్గుతుంది. 0.01 పెడితే ఊగకుండా తగ్గుతుంది.

చుక్కలగీత: అయితే ఇది ఖచ్చితత్వం సమస్య కాదన్నమాట. డబుల్ ప్రెసిషన్ బదులు ఇంకా ఎక్కువ అంకెలు పెట్టినా లాభం లేదా?

పాతకోడు: లేదు. పేలడం కాస్త ఆలస్యమవుతుందేమో అనుకోవచ్చు, ఇక్కడ అదీ కాదు. అంకెల కోతకంటే స్టెప్ వల్ల వచ్చే తప్పే ఎన్నో రెట్లు పెద్దది.

సగంలెక్క: సరే, ఆర్డర్ పెంచితే? RK4 వాడండి.

పాతకోడు: కొంచెం జాగా దొరుకుతుంది. ఈ రకం సమీకరణానికి RK4 హద్దు సుమారు `50h < 2.78`, అంటే 0.055 దాకా వెళ్లొచ్చు. కానీ ఒక్కో స్టెప్‌కి ఫంక్షన్‌ని నాలుగు సార్లు లెక్కించాలి. -50 కాస్తా -50000 అయితే ఆ కొంచెం దేనికీ ఆనదు.

వెనక ఆయిలర్ చేయండి. వాలుని స్టెప్ చివర తీసుకుంటుంది:

```
y = (y + 50*h*cos(t + h)) / (1 + 50*h)
```

తప్పుకి గుణకం `1/(1 + 50h)`. 0.05కి 0.286. `h` ఎంత పెంచినా 1 దాటదు. ఇక్కడ ఒక్క భాగహారంతో పోయింది గానీ, నాన్‌లీనియర్ అయితే ప్రతి స్టెప్‌లో ఒక సమీకరణం సాధించాలి. ఖర్చు అక్కడుంది.

వేడికడ్డీ: నాకిది వేడి ప్రసారం లెక్కలో తగిలింది. కడ్డీని ఇంకా సన్నగా ముక్కలు చేద్దామని `dx` సగం చేశాను, అప్పటిదాకా నడిచిన స్టెప్ పేలింది. `dt` నాలుగో వంతుకి తగ్గించాల్సి వచ్చింది. కడ్డీలో వేడి మాత్రం మెల్లగానే మారుతోంది! ఇదీ అదేనా?

పాతకోడు: అదే. ముక్కలు సన్నబడేకొద్దీ పక్కపక్క బిందువుల మధ్య తేడా ఆరిపోయే వేగం `1/dx²` లెక్కన పెరుగుతుంది. మీకు కనిపించని ఆ భాగమే హద్దు పెడుతుంది.

సగంలెక్క: ట్రెపిజాయిడల్ ఇంకా మేలు కదా, అది కూడా పేలదు, పైగా రెండో ఆర్డర్.

పాతకోడు: పేలదు, నిజమే. కానీ `h = 1` పెట్టి చూడండి, గుణకం -24/26. అంటే ఆరిపోవాల్సింది ఎంతకీ ఆరక ఊగుతూనే ఉంటుంది. మొదట్లో కుదుపు ఉన్న లెక్కలకి నేను వాడను.

ఊగేస్ప్రింగ్: నా మాట్రిక్స్ ఐగెన్ విలువలు `-5 ± 100i`. తగ్గే వేగం 5 కాబట్టి ఆయిలర్‌కి 2/5, అంటే 0.4 దాకా వెళ్లొచ్చా?

పాతకోడు: వెళ్లలేరు. ఊగే భాగాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆయిలర్ స్టెబిలిటీ ప్రాంతం -1 కేంద్రంగా, వ్యాసార్థం 1 ఉన్న వృత్తం. `h(-5 + 100i)` దాని లోపల పడాలంటే `h` 0.001 లోపే ఉండాలి.

ఊగేస్ప్రింగ్: అమ్మో. మరి వెనక ఆయిలర్ పెద్ద స్టెప్‌తో నడిపితే పేలదు గానీ, నాకు కావాల్సిన ఊపునే చంపేస్తుందిగా?

పాతకోడు: చంపేస్తుంది. ఆ ఊపు మీకు నిజంగా కావాలా, అక్కర్లేదా అన్నదాన్ని బట్టి పద్ధతి ఎంచుకోవాలి. మీ లెక్క పూర్తిగా పెట్టండి, చూద్దాం.