కిరాయి సైకిళ్ల దుకాణానికి “పయ్య” అనే పేరు ఎట్లుంటది?

హన్మకొండ చెల్లె:
మా తమ్ముడు సైకిళ్లు, బ్యాటరీ సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం పెడుతున్నడు. పొద్దున కాజీపేటల రైలు దిగి ఎన్‌ఐటీకి, హన్మకొండకు పోయేటోళ్లు కొందరు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, ఖిల్లా చూడొచ్చేటోళ్లు కొందరు. ఇద్దరి నోట్లె ఆడే పేరు కావాలె. “ఓరుగల్లు కిరాయి సైకిల్”, “సవారీ”, “పయ్య” అనుకున్నం. నాకైతే పయ్య మీదనే మనసున్నది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, పయ్య అంటే ఆవుదూడ కదా! సైకిలుకు ఆ పేరేమిటి? చక్రం అనండి, నిండుగా ఉంటుంది.

వర్ధన్నపేట రైతుబిడ్డ:
సార్, దూడ పెయ్య. బండికి ఉండేది పయ్య. ఉర్దూ, హిందీల పహియా మన నోట్లె పయ్య అయింది. “పయ్య పంచరైంది” అంటే మా ఊర్ల ఎవ్వరూ దూడ దిక్కు చూడరు. రాసినప్పుడు మాత్రం ఒక్క ఎత్వమే తేడా. బోర్డు రాసేటాయనకు కాగితం మీద పెద్దగ రాసియ్యుండ్రి.

గుంటూరు కోడలు:
మా వైపు చక్రం అనే అంటాం. పెళ్లయి ఇక్కడికొచ్చేదాకా పయ్య అనే మాటే వినలేదు. కిరాయి కూడా అంతే, మేం అద్దె అంటాం. మావాళ్లు ఖిల్లా చూడటానికి వస్తే “అద్దె సైకిల్” బోర్డు కోసమే వెతుకుతారు.

హన్మకొండ చెల్లె:
అక్కా, ఇక్కడ ఆటో ఎక్కినా “కిరాయి ఎంత” అనే అడుగుతరు, ఇల్లు చూసినా అదే మాట. రోజూ వచ్చేటోళ్లకు అద్దె అంటే పుస్తకంల మాట లెక్కనే ఉంటది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ధర అడిగేటప్పుడు కిరాయి బాగుంటుంది. పేరుకు ముందు తగిలిస్తే మాత్రం కిరాయి మూక, కిరాయి హంతకుడు గుర్తొస్తారు. దాన్ని బోర్డు మీద కింది వరుసలో “గంటకు కిరాయి” అని రాస్తే చాలు. పయ్య విషయంలో రైతుబిడ్డ చెప్పిందే సరి.

ములుగు అన్న:
రామప్ప రైడ్స్ అని పెట్టుండ్రి! యునెస్కో 2021ల గుర్తించిన గుడి, దేశమంతా తెలుసు. లక్నవరం గుడ పక్కనే.

కాజీపేట రైల్వే:
అన్నా, రామప్ప హన్మకొండకు అరవై కిలోమీటర్ల పైనే ఉన్నది. ఆ పేరు చూసి బ్యాటరీ సైకిల్ తీసుకున్నోళ్లు నడుమ తొవ్వల ఆగిపోతరు. ఊర్లె తిరిగే బండికి ఊరి పేరే పెట్టాలె. ఇంకోటి, “ఇ-బైక్” అని పెట్టుండ్రి. బ్యాటరీదానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అందరూ వస్తరు.

ట్రేడ్‌మార్క్ ఆఫీసు పని చేసే చెల్లి:
అన్నీ అట్ల కావన్నా. మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పరీక్ష సర్టిఫికెట్ ఉన్నవాటికే ఆ మినహాయింపు. అంతకు మించితే రిజిస్ట్రేషన్, లైసెన్సు రెండూ కావాలె. అయినా మన దగ్గర బైక్ అంటే పెట్రోలు మోటారుసైకిలే అనుకుంటరు. అది అడిగి వచ్చినోళ్లకు తొక్కే బండి చూపిస్తే తిరిగి పోతరు.

ఇగ పేర్ల సంగతి. సవారీ వదిలేయుండ్రి, ఆ పేరుతోని కార్లు కిరాయికిచ్చే కంపెనీ ఇప్పటికే ఉంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ల మీదీ వాళ్లదీ ఒకటే తరగతిల పడతది, 39. “ఓరుగల్లు కిరాయి సైకిల్” అంటే ఊరి పేరు, చేసే పని, రెండూ చెప్పినట్టే. అసొంటి మాటల్ని ఒక్కరికే రాసియ్యరు, రేపు పక్క దుకాణమాయన పెట్టుకున్నా ఆపలేరు. పయ్య పనిని సూచిస్తది కానీ నేరుగ చెప్పదు, అందుకే దానికి కొంచెం బలముంది. కానీ అడ్డురాదని నేను మాటియ్యలేను, అధికారి చక్రమనే అర్థం పట్టుకోవచ్చు. ఒంటి వ్యాపారికి ఆన్‌లైన్ల దరఖాస్తు రుసుము 4,500, అది కట్టేముందే వెతుకుండ్రి. ట్రేడ్‌మార్క్ సైట్ల స్పెల్లింగుతోని కాకుండ ఉచ్చారణతోని వెతికే వీలున్నది, 39వ తరగతిల Payya కొట్టి చూడుండ్రి.

హన్మకొండ చెల్లె:
స్పెల్లింగే నా భయం. మా ఇంట్లె పయ్య అని చెప్పి ఇంగ్లీషుల రాయమంటే నాన్న Payya రాసిండు, తమ్ముడు Paiya, మా పిన్ని కూతురైతే Pahiya అని కొట్టింది. ఫోన్ల వెతికేటోళ్లకు మేమెట్ల దొరుకుతం?

ట్రేడ్‌మార్క్ ఆఫీసు పని చేసే చెల్లి:
బోర్డు మీదా బిల్లు మీదా ఒక్కటే రాయుండ్రి. Pahiya అని కొట్టినోళ్లకు హిందీ పేరున్న దుకాణాలే వస్తయి. Payya, Paiya రెండూ డొమైన్‌గా దొరికితే తీసుకొని, ఒకటి కొట్టినా రెండోదానికి పోయేటట్టు పెట్టుకోవచ్చు. గుర్తు మీద తోరణం గీయిస్తరేమో, రాష్ట్ర చిహ్నంల ఉన్నట్టు మాత్రం గీయించకుండ్రి, దానికి చట్టం అడ్డముంది.

కాజీపేట రైల్వే:
తొక్కుడు బండి అంటే అయిపోయేది కదా?

వర్ధన్నపేట రైతుబిడ్డ:
అన్నా, మన దగ్గర తొక్కు అంటే మామిడికాయ తొక్కే ముందు యాదికొస్తది!

గుంటూరు కోడలు:
పయ్యే పెట్టండి, కింద సైకిల్ బొమ్మ వేస్తే మాకూ అర్థమవుతుంది. ఒక్క పయ్య అంటే ఒంటరిగా ఉంది, ఓరుగల్లు పయ్య అంటే నోటికి బాగుంది.

హన్మకొండ చెల్లె:
ఓరుగల్లు చేరిస్తే బోర్డు పొడుగైతదని తమ్ముడంటున్నడు. ఈ రాత్రి రెండు స్పెల్లింగులూ వెతికి వచ్చి చెప్తా. అప్పటిదాకా రంగాలాయనను ఆగమన్న.